జీతాల తేడా లెక్కలో గ్రేడ్‌ను పెట్టాలా, తీయాలా? రొయ్యల ప్లాంట్ ఉదాహరణతో తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో, ఒంగోలు వైపు గ్రానైట్ యూనిట్లలో హెచ్‌ఆర్ పని చేసేవాళ్లు జీతాల ఆడిట్ మొదలుపెట్టగానే అడిగే ప్రశ్నలు ఇవి. సమాధానాలన్నీ ఒకే ప్లాంట్ చుట్టూ తిరుగుతాయి. ఆ ప్లాంట్ ఉదాహరణ కోసం నేను కూర్చుకున్నది, అందులో అంకెలూ నేను వేసుకున్నవే. లెక్క నడిచే తీరు, అది తప్పే చోట్లు మాత్రం మీ ఆఫీసులోనూ ఇలాగే ఎదురవుతాయి.

ఆ ప్లాంట్ ఎలాంటిది?

నెల్లూరు నుంచి ముత్తుకూరు వెళ్లే దారిలో ఉందనుకోండి. వనామి రొయ్య చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో వస్తుంది. రిసీవింగ్‌లో తూకం వేస్తారు, తలలు తీస్తారు, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న కౌంట్ ప్రకారం వేరు చేస్తారు, గడ్డకట్టించి ప్యాక్ చేస్తారు, కోల్డ్ స్టోరేజ్‌కు పంపుతారు. నెల జీతం మీద 186 మంది ఉన్నారు: 112 మంది మగవాళ్లు, 74 మంది ఆడవాళ్లు. మగవాళ్ల సగటు జీతం ₹24,000, ఆడవాళ్లది ₹19,200. పైకి కనిపించే తేడా 20 శాతం.

ముందే ఒక మాట. ఈ రాతలో గ్రేడ్ అంటే రొయ్యది కాదు, మనిషిది. హెల్పర్ 1, సీనియర్ హెల్పర్ 2, సూపర్‌వైజర్ 3, ఆ పైన ఇంకో మూడు. ప్లాంట్‌లో ఈ మాట రెండు రకాలుగా వాడుతుంటే మీటింగుల్లో నిజంగానే తికమక పడతారు.

20 శాతం తేడా కనబడుతూనే ఉంది కదా, మళ్లీ రిగ్రెషన్ ఎందుకు?

ఆ 20 శాతంలో అన్నీ కలిసిపోయి ఉన్నాయి కాబట్టి. పదిహేనేళ్లుగా ఉన్న ఫ్రీజర్ ఆపరేటర్, నిరుడు చేరిన ప్యాకింగ్ అమ్మాయి ఒకే సగటులో పడ్డారు. అనుభవం, చదువు, చేసే పని ఒకేలా ఉన్న ఇద్దరిని పక్కపక్కన పెట్టాక కూడా మగ, ఆడ మధ్య ఎంత తేడా మిగిలింది? చాలా అంశాలను ఒకేసారి లెక్కలోకి తీసుకునే రిగ్రెషన్ చెప్పేది అదే. ఆ మిగిలినదాన్ని వివరణ దొరకని తేడా అంటారు.

వివరణ దొరకనంత మాత్రాన అది వివక్ష అయిపోదు. మన దగ్గర ఉన్న కాలమ్‌లతో దానికి కారణం చెప్పలేకపోయామన్నంత వరకే దాని అర్థం. దీనికి తిరగేసిన మాటను చాలామంది మరిచిపోతారు: వివరణ దొరికిన తేడా అంతా న్యాయమైనదనీ కాదు. ఈ పేజీలో ఎక్కువ భాగం ఆ రెండో మాట గురించే.

చట్టం ఏమంటుంది?

1976 నాటి సమాన వేతన చట్టం స్థానంలో వేతనాల కోడ్, 2019 వచ్చింది. అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. ఒకే పనికి గానీ, అదే తరహా పనికి గానీ లింగాన్ని బట్టి వేతనంలో వివక్ష చూపకూడదని అందులో సెక్షన్ 3 చెబుతుంది. అదే తరహా పని అంటే నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత ఒకేలా ఉన్న పని. అంటే హోదా పేరు వేరని చెప్పి తప్పించుకోవడం కుదరదు. ఇది గుర్తుపెట్టుకోండి, విభాగాల దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది. తేడా సరిచేయడం కోసం ఎవరి వేతన రేటునూ తగ్గించకూడదని కూడా అదే సెక్షన్ చెబుతుంది.

జీతం అంటే ఏ కాలమ్ తీసుకోవాలి?

నెల చివర చేతికొచ్చిన మొత్తం తీసుకోకండి, అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు అదే. జీతం నష్టపు రోజులు, ఓవర్‌టైమ్, అడ్వాన్స్ కోత అన్నీ అందులో ఉంటాయి. ప్రసూతి సెలవులో ఉన్నామె ఆ నెలకు సున్నాగా కనిపించవచ్చు, ఆమె రేటు మాత్రం మారలేదు. ఒక తేదీ ఖరారు చేసుకోండి, మార్చి 31 అనుకుందాం. ఆ రోజుకు రిజిస్టర్‌లో ఉన్న పూర్తి నెల స్థిర వేతన రేటు తీసుకోండి. బేసిక్, డీఏ, అందరికీ వచ్చే స్థిర అలవెన్సులు అందులో ఉంటాయి. ఓవర్‌టైమ్‌కు, ఇన్సెంటివ్‌కు విడిగా ఇంకో లెక్క వేయండి. స్థిర జీతంలో తేడా లేకుండా ఇన్సెంటివ్‌లోనే ఉండే చోట్లూ ఉన్నాయి. రెంటినీ కలిపేస్తే అది బయటపడదు.

జీతానికి లాగరిథమ్, అంటే లాగ్, ఎందుకు తీస్తారు?

₹14,000 జీతంలో వెయ్యి రూపాయల తేడా పెద్దది, ₹70,000లో చిన్నది. లాగ్ తీస్తే లెక్క రూపాయల్లో కాకుండా శాతాల్లో నడుస్తుంది. ఫలితాన్ని శాతంగా మార్చేటప్పుడు రిగ్రెషన్ ఇచ్చిన గుణకం మీద ఎక్స్‌పొనెన్షియల్ తీసి ఒకటి తగ్గించాలి. గుణకం -0.22 అయితే తేడా 22 కాదు, 19.7 శాతం. చిన్న గుణకాల దగ్గర ఇది పెద్దగా పట్టదు, పెద్ద వాటి దగ్గర పడుతుంది.

అనుభవం కాలమ్ లేదు, వయసు వాడొచ్చా?

వాడకండి. ముప్పై ఎనిమిదేళ్ల మగమనిషికి పద్దెనిమిదేళ్ల అనుభవం ఉండొచ్చు. అదే వయసు ఆమె పిల్లలు పుట్టినప్పుడు ఆరేళ్లు ఇంట్లో ఉండి ఉండొచ్చు. వయసు పెడితే ఆమెకు లేని ఆరేళ్లు లెక్కలో చేరిపోయి తేడా ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. ఈ కంపెనీలో చేరిన తేదీ ఎలాగూ ఉంటుంది. అంతకుముందు వేరే ప్లాంట్‌లో చేసిన ఏళ్లను దరఖాస్తు ఫారాల నుంచి ఎక్కించుకోండి. 186 ఫైళ్లంటే ఇద్దరికి మూడు రోజుల పని. విసుగే, కానీ దీనికి దగ్గర దారి లేదు.

సరే, లెక్క వేసి చూపించండి.

పైథాన్‌లో ఇంతే:

```python
import numpy as np, pandas as pd
import statsmodels.formula.api as smf

d = pd.read_csv("pay.csv")
d["lp"] = np.log(d["pay"])
f = "lp ~ female + yrs + I(yrs**2) + C(edu) + C(dept)"
m = smf.ols(f, data=d).fit(cov_type="HC3")
print(m.params["female"], m.bse["female"])
print(m.conf_int().loc["female"])
```

`female` కాలమ్‌లో ఆడవాళ్లకు 1, మగవాళ్లకు 0. దాని ముందు వచ్చే గుణకమే మనం వెతికేది. `I(yrs**2)` అని ఏళ్ల వర్గాన్ని కూడా పెట్టడానికి కారణం ఉంది: మొదటి ఐదేళ్లలో జీతం పెరిగినంత వేగంగా పదిహేనో ఏడు తర్వాత పెరగదు. గుణకం ఎంత అటూ ఇటూ ఊగవచ్చో చెప్పేది స్టాండర్డ్ ఎర్రర్, HC3 అంటే దాన్ని కాస్త జాగ్రత్తగా కట్టే పద్ధతి. పై గ్రేడుల్లో జీతాలు ఎక్కువగా చెదిరి ఉంటాయి కాబట్టి అది అవసరం.

మన ప్లాంట్‌లో మెట్టు మెట్టుగా ఇలా వచ్చింది. ఏ కాలమూ కలపకుండా గుణకం -0.22. అనుభవం, చదువు కలిపితే -0.14కు తగ్గింది, అంటే 13 శాతం. విభాగం కలిపితే -0.09, అంటే 8.6 శాతం. గ్రేడ్ కూడా కలిపితే -0.03, అంటే 3 శాతం. ఈ చివరిదాని స్టాండర్డ్ ఎర్రర్ 0.019.

చివరి మెట్టులో తేడా దాదాపు పోయింది కదా. ఇంకేం సమస్య?

ప్లాంట్ మేనేజర్ మొదటి ప్రశ్న ఇదే అవుతుంది. మీరు ఇక్కడే ఆగి రిపోర్టు ఇచ్చేస్తే ఆయన సంతోషిస్తారు కూడా.

గ్రేడ్ ఎలా వస్తుందో చూడండి. పుట్టుకతో రాదు, చదువులాగా బయట నుంచి తెచ్చుకునేదీ కాదు. కంపెనీయే ఇస్తుంది. సూపర్‌వైజర్లూ మేనేజర్లూ కూర్చుని ఫలానా వాళ్లను 3లో పెడదాం అని నిర్ణయిస్తారు. ఆ నిర్ణయంలోనే పక్షపాతం ఉంటే గ్రేడ్‌ను లెక్కలో పెట్టడమంటే ఆ పక్షపాతాన్ని న్యాయమైన కారణం ఖాతాలో రాసేయడమే. ఆమెకు జీతం ఎందుకు తక్కువ? గ్రేడ్ తక్కువ కాబట్టి. గ్రేడ్ ఎందుకు తక్కువ? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు కాబట్టి. కంపెనీ తన చేత్తో ఇచ్చి, మళ్లీ కారణంగా చూపించే ఇలాంటి కాలమ్‌ను కలుషిత వేరియబుల్ అంటారు.

అప్రైజల్ రేటింగ్, చేరినప్పటి జీతం, పాత కంపెనీలో జీతం కూడా ఇదే కోవలోకి వస్తాయి. పాత జీతం మరీ మోసం చేస్తుంది. అక్కడ తక్కువ ఇచ్చారు కాబట్టి ఇక్కడా తక్కువ ఇచ్చాం అన్నది వినడానికి మార్కెట్ లాజిక్‌లా ఉంటుంది.

అయితే గ్రేడ్‌ను పూర్తిగా తీసేయాలా?

అదీ సరి కాదు. సూపర్‌వైజర్ మోసే బాధ్యత నిజమైనదే. ఒక లాట్ పాడైతే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. గ్రేడ్ తీసేస్తే ఆ బాధ్యతకు ఇచ్చిన జీతం కూడా వివరణ దొరకని తేడాలో పడిపోతుంది. అప్పుడు మేనేజ్‌మెంట్, పని వేరైతే జీతం వేరుగా ఉండదా అని అడుగుతుంది. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది.

అందుకే నేను రెండు లెక్కలూ ఇస్తాను, ఒక్కోటీ ఏ ప్రశ్నకు జవాబో పక్కనే రాస్తాను. గ్రేడ్ ఉన్న లెక్క, ఒకే మెట్టు మీద ఉన్న ఆడ, మగ మధ్య తేడా చెబుతుంది. గ్రేడ్ లేని లెక్క, ఒకే అనుభవంతో ఒకే తరహా పనిలో ఉన్నవాళ్ల మధ్య తేడా చెబుతుంది. మెట్లు ఎక్కించడంలో జరిగింది కూడా రెండోదానిలో కలిసి ఉంటుంది. ఆ రెంటి మధ్య ఎడం ఎక్కువగా ఉంటే, అసలు పరీక్షించాల్సింది గ్రేడ్‌నే.

గ్రేడ్‌ను ఎలా పరీక్షించాలి?

గ్రేడ్‌ను కారణంగా కాకుండా ఫలితంగా పెట్టి చూడాలి. పెద్ద మోడల్ అక్కర్లేదు, మొదట ఒక చిన్న పట్టీ చాలు. ప్లాంట్ ఫ్లోర్‌లో ఆరు నుంచి పదేళ్ల సర్వీసు ఉన్నవాళ్లను మాత్రమే తీసుకున్నాం. మగవాళ్లు 22 మంది, వాళ్లలో 13 మంది గ్రేడ్ 3కు చేరారు. ఆడవాళ్లు 26 మంది, చేరింది 6 మంది. 59 శాతం ఒకవైపు, 23 శాతం ఒకవైపు. ఈ రెండు నిష్పత్తుల మధ్య తేడా స్టాండర్డ్ ఎర్రర్‌కు రెండున్నర రెట్లు ఉంది. గాలివాటంగా ఇంత రావడం అరుదు. మనుషులు ఎక్కువగా ఉంటే చదువు, ముందటి అనుభవం కూడా కలిపి, చేరారా లేదా అన్న ఫలితానికి వాడే లాజిట్ మోడల్ వేయండి. ఇంత చిన్న గుంపుకు ఈ పట్టీ చెప్పేది చాలు.

ఆ పట్టీ పట్టుకుని ప్రొడక్షన్ మేనేజర్ దగ్గరికి వెళ్తే ఒక కారణం చెబుతారు: గ్రేడ్ 3కు రాత్రి షిఫ్ట్ చేసి ఉండాలి, ఆడవాళ్లు రాత్రి చేయరు. కారణం బాగానే ఉంది, కానీ నోటిమాట మీద లెక్కలోకి రాదు. మస్టర్ తీయాలి. తీస్తే ఏం కనిపించిందంటే, గ్రేడ్ 3లో ఉన్న ఆ 13 మంది మగవాళ్లలో 5 మంది గడిచిన పన్నెండు నెలల్లో ఒక్క రాత్రి కూడా చేయలేదు. అంటే ఆ షరతు మగవాళ్లకు సడలింది, ఆడవాళ్లకు బిగిసింది. కార్ఖానాల చట్టం 1948 ఉన్న రోజుల్లో ఆడవాళ్లను సాయంత్రం ఏడు తర్వాత పనిలో పెట్టడం మీద సెక్షన్ 66 పరిమితి ఉండేది. ఆ షరతు ఎక్కడి నుంచి వచ్చిందో దాన్ని బట్టి ఊహించవచ్చు. ఇప్పటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం, ఆమె ఒప్పుకుంటే, భద్రత ఏర్పాట్లతో రాత్రి పని చేయించవచ్చు. రాత్రి పనికి డబ్బు ఇవ్వాలనుకుంటే రాత్రి అలవెన్సుగా, చేసిన రాత్రులకే ఇవ్వాలి. దాన్ని గ్రేడ్‌లో కలిపి శాశ్వతం చేస్తే, ఆ తర్వాత ప్రతి ఇంక్రిమెంటూ దాని మీదే పెరుగుతూ పోతుంది.

విభాగం కాలమ్‌లో కూడా ఇలాంటి చిక్కు ఉందా?

ఉంది, పైగా ఇది ఇంకా కనబడకుండా ఉంటుంది. మన ప్లాంట్‌లో రొయ్యను కౌంట్ ప్రకారం వేరు చేసే గ్రేడింగ్ టేబుల్ దగ్గర 24 మంది ఆడవాళ్లు, ఒక్క మగవాడు ఉన్నారు. విభాగాన్ని లెక్కలో పెట్టగానే రిగ్రెషన్ ప్రతి విభాగం లోపలే ఆడ, మగను పోల్చుతుంది. ఈ టేబుల్‌లో పోల్చడానికి ఒక్కడే ఉన్నాడు. కాబట్టి ఆ 24 మంది జీతాలు `female` గుణకానికి దాదాపు ఏమీ చెప్పవు. టేబుల్ మొత్తానికి జీతం తక్కువగా ఉంటే, ఆ తక్కువంతా విభాగం గుణకం మింగేస్తుంది. 74 మంది ఆడవాళ్లలో మూడో వంతు లెక్కలో ఉన్నట్టే ఉండి, లేకుండా పోతారు.

దీన్ని పసిగట్టడం తేలిక. మోడల్ వేయకముందే ప్రతి విభాగంలో ఆడ, మగ ఎంతమందో పట్టీ వేయండి. ఏదో ఒకవైపు ముగ్గురికంటే తక్కువ ఉన్న గడి కనబడితే ఆగండి.

మందు చట్టం మాటలోనే ఉంది: అదే తరహా పని. విభాగం పేర్లు పక్కన పెట్టి, నైపుణ్యం, శ్రమ, బాధ్యత చూసి పనులను గుంపులు చేయండి. గ్రేడింగ్ టేబుల్ దగ్గర ఆమె చేతికి వచ్చిన రొయ్యను చూపుతోనే ముప్పై కౌంటా, నలభై కౌంటా అని తేల్చి గిన్నెలో వేస్తుంది. తప్పితే లాట్ ధరే మారిపోతుంది. రిసీవింగ్‌లో తూకం దగ్గర నిలబడి శాంపిల్ కౌంట్ తీసే మగవాడి పనికి, దీనికి నైపుణ్యంలో తేడా ఎంత? ఆ ఇద్దరినీ, ప్యాకింగ్ వాళ్లనూ ఒక గుంపులో పెట్టి మళ్లీ వేస్తే గుణకం -0.09 నుంచి -0.11కు పెరిగింది. అంటే 10.4 శాతం. విభాగం పేరు వెనక దాక్కున్న తేడా అది.

ఈ గుంపులు ఎవరు చేయాలన్నది ముఖ్యం. హెచ్‌ఆర్ ఒక్కటే గదిలో కూర్చుని చేస్తే ఎవరూ నమ్మరు. ఫ్లోర్ సూపర్‌వైజర్ ఒకరు, క్యూసీ నుంచి ఒకరు, ఆ పని చేసే ఆడవాళ్లలో ఒకరు ఉండాలి. ఫలితం చూడకముందే గుంపులు ఖరారు చేసి సంతకాలు పెట్టించండి. గుణకం చూశాక గుంపులు మార్చడం మొదలైతే ఎవరికి కావాల్సిన అంకె వాళ్లు రప్పించుకోవచ్చు.

హోదా పేర్లు ఒకటే కానప్పుడు పని ఒకటేనని ఎలా తెలుస్తుంది?

వెళ్లి చూడాలి. క్యూసీలో ఇద్దరిని తీసుకుందాం. రిజిస్టర్‌లో ఆమె క్యూసీ హెల్పర్, అతను క్యూసీ అసిస్టెంట్. ఆమె పక్కన ఒక గంట నిలబడితే ఇలా ఉంటుంది.

“అక్కా, ఇప్పుడేం చేస్తున్నావు?”

“కోర్ టెంపరేచర్ సార్. డ్రిల్లుతో చిల్లు పెట్టి ప్రోబ్ దించాలి. మైనస్ పద్దెనిమిది రాకపోతే లోడింగ్ ఆపేస్తా.”

“మరి అతనేం చేస్తాడు?”

“ఇదే. నేను పొద్దున బి లైన్, తను ఎ లైన్. రేపు తను సెలవు పెడితే రెండూ నేనే.”

“సంతకం ఎవరిది?”

“ఎవరు తీస్తే వాళ్లదే సార్. ఏందీ, రిజిస్టర్ చూడలా?”

రిజిస్టర్ చూస్తే ఆమె సంతకాలే ఎక్కువ ఉన్నాయి. లోడింగ్ ఆపే అధికారం, రికార్డు మీద సంతకం రెండూ ఇద్దరికీ ఉన్నప్పుడు హెల్పర్, అసిస్టెంట్ అన్నవి వేరు పనులు కావు, వేరు పేర్లు మాత్రమే. ఇలాంటి జంటలను లెక్కలో ఒకే పనిగా కోడ్ చేయాలి. గంటసేపు బూట్లేసుకుని ఫ్లోర్ మీద నిలబడకుండా ఈ కోడింగ్ కుదరదు.

గుణకం స్టాటిస్టికల్‌గా సిగ్నిఫికెంట్ కాకపోతే తేడా లేనట్టేనా?

కాదు. గ్రేడ్ ఉన్న మన మోడల్ చూడండి: గుణకం -0.03, స్టాండర్డ్ ఎర్రర్ 0.019. భాగిస్తే 1.6 దాకా వస్తుంది, వాడుకలో ఉన్న 2 గీతకు అందదు. కానీ 95 శాతం విరామం, అంటే అసలు తేడా ఉండదగ్గ పరిధి, తీస్తే అది 6.5 శాతం తక్కువ దగ్గర మొదలై 0.7 శాతం ఎక్కువ దాకా వెళ్తుంది. ఈ డేటా సున్నాతో పొసుగుతుంది, ఆరు శాతం లోటుతోనూ పొసుగుతుంది. తేడా లేదని రాస్తే ఆ రెండో సగాన్ని దాచినట్టే. తేల్చి చెప్పేంత మంది లేరు అని రాయాలి.

మనుషులు తక్కువైతే స్టాండర్డ్ ఎర్రర్ పెద్దదవుతుంది. నలభై మంది ఉన్న యూనిట్‌లో పది శాతం తేడా కూడా గీత దాటకపోవచ్చు. అటు పదివేల మంది ఉన్న కంపెనీలో అర శాతం తేడా కూడా దాటేయవచ్చు. అందుకే గుణకాన్ని, విరామాన్ని కలిపి రాయండి. గీత దాటిందని గుర్తుగా పెట్టే నక్షత్రాలు మాత్రం వేసి వదలకండి.

రెండు స్టాండర్డ్ డీవియేషన్ల గీత ఎక్కడిదని కొందరు అడుగుతారు. అమెరికా కోర్టుల్లో అది 1977 నాటి కాస్టనెడా తీర్పు నుంచి వాడుకలో పడింది. ఆ కేసు జ్యూరీ ఎంపిక గురించి, జీతాల గురించి కాదు. ఆ తీర్పులోనూ రెండు లేక మూడు దాటితే అనుమానించవచ్చన్నారు, రెండు దాటకపోతే అంతా సవ్యమని ఎవరూ అనలేదు.

మీరు ఫలానా అంశం పెట్టలేదు కాబట్టి లెక్క చెల్లదు అని మేనేజ్‌మెంట్ అంటే?

ఆ అంశం ఏంటో, దాని డేటా ఎక్కడుందో అడగండి. ఉంటే పెట్టి చూపించండి. అది రెండు పనులు చేస్తేనే తేడాను తగ్గిస్తుంది: జీతంతో సంబంధం ఉండాలి, ఆడ, మగ మధ్య ఎక్కువ తక్కువలుగా ఉండాలి. రెండోది లేకపోతే అది ఎంత ముఖ్యమైనదైనా `female` గుణకాన్ని కదిలించదు. అమెరికా సుప్రీంకోర్టు 1986లో బేజ్‌మోర్ కేసులో ఇలాంటి వాదననే విన్నది. ముఖ్యమైన అంశాలు లెక్కలో ఉంటే, ఏవో కొన్ని లేనంత మాత్రాన రిగ్రెషన్‌ను సాక్ష్యంగా తోసిపుచ్చలేమని, దాని బలం ఎంతో చూడాలని అంది. మనకు ఆ తీర్పు వర్తించదు గానీ తర్కం వర్తిస్తుంది.

ఆర్-స్క్వేర్డ్ 0.9 వచ్చింది, అంటే జీతాల హెచ్చుతగ్గుల్లో తొంభై శాతం మోడల్ చెప్పేస్తోంది. మోడల్ బాగున్నట్టేగా?

గ్రేడ్ పెడితే ఎలాగూ వస్తుంది. గ్రేడ్ అంటే జీతానికే ఇంకో పేరు.

ఓనరు గారి బంధువులు పేరోల్‌లో ఉన్నారు. వాళ్లను ఏం చేయాలి?

ప్రతిచోటా ఉంటారు. స్టోర్స్ ఇన్‌ఛార్జిగా నమోదైన బావమరిదికి ₹95,000 అంటే ఆయన ఒక్కడే తన గుంపు గుణకాన్ని లాగేస్తాడు. ఆయనను ఉంచి ఒకసారి, తీసి ఒకసారి వేయండి. తేడా ఎంతో రాసి పెట్టుకోండి. తీసేస్తే తీసేశామని, ఎందుకో రిపోర్టులో చెప్పండి.

రోజుకూలికి, కిలోల లెక్కన రొయ్యలు ఒలిచేవాళ్లు ఇందులో లేరా?

లేరు. చాలా ప్లాంట్లలో ఎక్కువమంది ఆడవాళ్లు ఉండేది అక్కడే, అదీ కాంట్రాక్టర్ రిజిస్టర్‌లో. నెల జీతగాళ్ల మీద వేసిన లెక్క వాళ్ల గురించి ఏమీ చెప్పదు. రిపోర్టు మొదటి పేజీలోనే ఆ మాట రాయండి. లేకపోతే చదివేవాళ్లు ప్లాంట్ మొత్తానికి ఈ అంకె అనుకుంటారు. కిలో రేట్ల తేడా వేరే లెక్క. అక్కడ చూడాల్సింది రేటు, ఎవరికి ఏ కౌంట్ రొయ్య అందుతోంది అన్నదీ. చిన్న రొయ్య కిలో ఒలవడానికి పెద్ద రొయ్య కంటే చాలా ఎక్కువసేపు పడుతుంది.

ఇదే పద్ధతి ఇతర గుంపులకు పనికొస్తుందా?

వస్తుంది. స్థానికులు, వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు అని కాలమ్ ఉంటే `female` స్థానంలో దాన్ని పెట్టండి, లేదా రెండూ పెట్టండి. కులం గురించి అడుగుతారు. ప్రైవేటు పేరోల్‌లో ఆ కాలమ్ సాధారణంగా ఉండదు. పేరు చూసి ఊహించి నింపే పని మాత్రం చేయకండి.

తేడా తేలాక ఎవరికి ఎంత పెంచాలి?

అందరు ఆడవాళ్లకూ పది శాతం అని ఒకే వేటు వేయకండి. గుణకం సగటు. కొందరికి లోటు లేదు, కొందరికి ఇరవై శాతం ఉంది. ప్రతి ఆమెకూ, `female` విలువ 0 అయితే మోడల్ ఎంత జీతం అంచనా వేస్తుందో తీయండి. దాంతో ఇప్పుడొస్తున్నది పోల్చండి. క్యూసీలో ఆ అక్కకు ఇప్పుడు ₹17,400, మోడల్ అంచనా ₹19,300. తేడా ₹1,900.

ఆ పట్టీ జాబితా మాత్రమే, ఆర్డర్ కాదు. ఒక్కో పేరు తీసి ఫైలు చూడాలి. మోడల్‌కు తెలియని నిజమైన కారణం ఉండొచ్చు: సగం రోజు పని ఒప్పందం కావచ్చు, అనుభవం తప్పుగా ఎక్కి ఉండొచ్చు. అలాంటి కారణం దొరికితే, అదే కారణం ఉన్న మగవాడికీ జీతం అలాగే తగ్గిందా అని కూడా చూడండి. కారణం ఆడవాళ్లకే వర్తిస్తున్నట్టు తేలితే అది కారణం కాదు.

గ్రేడ్ దగ్గర చిక్కిన వాళ్లకు మాత్రం జీతం పెంచి ఊరుకుంటే సరిపోదు. గ్రేడ్ 2లోనే ఉంచి గ్రేడ్ 3 జీతం ఇస్తే, వచ్చే ఏడాది గ్రేడ్ 2 గరిష్ఠ పరిమితి దాటిందని ఇంక్రిమెంట్ ఆపేస్తారు. పేరోల్ సాఫ్ట్‌వేర్ తనంతట తనే ఆపేస్తుంది, ఎవరికీ తెలియదు. వాళ్లకు గ్రేడే మార్చాలి, ఆ తేదీ నుంచి సర్వీసు పుస్తకంలో ఎక్కించాలి.

మళ్లీ ఎప్పుడు వేయాలి?

ఏప్రిల్ ఇంక్రిమెంట్లు ఖరారు చేసే ముందు ఒకసారి, ప్రతిపాదించిన జీతాల మీదే. ఆర్డర్లు వెళ్లాక తేడా కనబడితే సరిచేయడానికి ఇంకో ఏడాది పడుతుంది. రెండో ఏడాది నుంచి ఇంకో పట్టీ కూడా తీయండి: ఆ ఏడాది కొత్తగా చేరినవాళ్లను మాత్రమే తీసుకుని, ఒకే పనికి ఆడ, మగ ఎంతకు చేరారో చూడండి. పాతవాళ్ల తేడా తగ్గుతున్నా కొత్తవాళ్లలో మళ్లీ తేడా మొదలవుతుంటే, అది ఇంటర్వ్యూ గదిలో “నీకు ఎంత కావాలి?” అని అడిగే దగ్గర పుడుతోంది. దానికి మందు రిగ్రెషన్‌లో లేదు. చేరిక జీతాల పట్టిక ముందే వేసి రిక్రూట్‌మెంట్ వాళ్ల టేబుల్ మీద పెట్టాలి.